తెర వెనక: "అక్కా, నన్ను తీసేయండి"

సద్దుల బతుకమ్మ అయిపోయిన నాలుగో రోజు రాత్రి, పదకొండు దాటాక ఫోన్ మోగింది. "అక్కా, పండగ వీడియోలో నేను కనిపించకూడదు. దయచేసి తీసేయండి." అంతే మెసేజ్.

మా ఊరి తెలుగు సంఘం వేడుకల వీడియోలు ఏడేళ్ళుగా నేనే తీసి, నేనే ఎడిట్ చేస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఒక మామూలు ఊరు, ఒక స్కూలు హాలు, అరవై డెబ్భై మంది ఆడవాళ్ళు, రెండు కెమెరాలు. ఆ రాత్రికి పద్దెనిమిదిన్నర నిమిషాల వీడియో దాదాపు పూర్తయింది. శనివారం యూట్యూబ్‌లో పెడతామని గ్రూపులో చెప్పేశాం కూడా. అందుకే ఆ మెసేజ్ చూడగానే నా వేళ్ళు చేసిన మొదటి పని తప్పు పని. "ఎందుకమ్మా? చాలా బాగా వచ్చావు వీడియోలో!" అని కొట్టేశాను.

జవాబు ఐదు నిమిషాల తర్వాత వచ్చింది. "వద్దక్కా. ప్లీజ్."

ఆ అమ్మాయి అనుమతితోనే ఈ నెల ఈ సంగతి రాస్తున్నాను. పేరు రాయను. చీర రంగు, ఇంకొన్ని వివరాలు మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆ రాత్రే పని పూర్తి చేసి పడుకుందామని కూర్చున్నాను. ఆమె స్పష్టంగా కనిపించే చోట్లు నాలుగు గుర్తున్నాయి. నాలుగింటిలోనూ ముఖం మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక మసక పెట్టాను. అది ముఖంతో పాటు కదిలేలా ట్రాకింగ్ ఇచ్చాను. మొత్తం గంటన్నర పట్టింది. పొద్దున్నే ఐదుగురున్న కమిటీ గ్రూపులో ఆ ముక్క పెట్టి "ఇలా సరిపోతుందా?" అని అడిగాను.

పది నిమిషాల్లో ఒక పిన్ని గారు రాశారు: "ఆ ముఖం ఎందుకు మసకేశావు? ఆ నెమలికంఠం రంగు చీర ఫలానా అమ్మాయిది కదా, నా పక్కనే ఆడింది."

పాపం, ఆవిడ తప్పు ఏమీ లేదు. అరవై మందిలో ఒక్క ముఖమే మసకగా ఉంటే ఎవరి కన్నయినా నేరుగా అక్కడికే పోతుంది. మసక పెట్టకముందు ఆమె గుంపులో ఒకరు. పెట్టాక వీడియో అంతటికీ ఆమే కేంద్రం. ఆ పైన చీర, జడ, నడక, పక్కన నిలబడ్డ మనుషులు అన్నీ అలాగే ఉన్నాయి. మనల్ని తెలిసినవాళ్ళు మనల్ని ముఖంతోనే గుర్తుపట్టరు. వెనక నుంచి చూసినా, గొంతు విన్నా గుర్తుపడతారు. కనిపించకూడదని ఎవరైనా అడిగారంటే, వాళ్ళు భయపడేది కూడా ముక్కూముఖం తెలియని వాళ్ళ గురించి కాదు, బాగా తెలిసినవాళ్ళ గురించే.

ఆ మెసేజ్ వెంటనే తీసేసి, ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఈసారి "ఎందుకు" అని అడగలేదు. మూడు సంగతులే అడిగాను.

మొదటిది, ఎంతవరకు తీసేయాలి? ముఖం మాత్రమేనా, గుంపులో దూరంగా ఉన్నా వద్దా, గొంతు, పేరు కూడా వద్దా? రెండోది, నీతో పాటు ఇంకెవరినైనా తీసేయాలా? మూడోది, ఇప్పటికే ఎక్కడెక్కడ బయటికి పోయింది, నీకు తెలిసినంతలో ఎవరు చూశారు?

ఈ మూడింటికీ కారణం తెలియకుండానే జవాబు చెప్పొచ్చు. ఆమె చెప్పింది కూడా. "ఎక్కడా వద్దు, దూరంగా కూడా వద్దు. పేరు వద్దు. పాప కూడా వద్దక్కా." రెండో ప్రశ్న అడగకపోయి ఉంటే పాప సంగతి నాకు తట్టేదే కాదు. తల్లిని ఎంత జాగ్రత్తగా తీసేసినా, ఆరేళ్ళ పాప స్టేజీ మీద డాన్స్ చేస్తూ ఉంటే తల్లి ఏ ఊళ్ళో ఉందో చెప్పినట్టే కదా!

మూడో ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. మంగళవారం సాయంత్రం రెండు నిమిషాల ట్రైలర్ ఒకటి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో ఆమె మూడు సెకన్లు ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్ పెట్టేశాక ఎడిటింగ్ జోలికి పోకుండా ముందు ఒక కాగితం తీసుకున్నాను. వీడియో మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను. ఒకసారి గొంతు ఆపేసి బొమ్మ మాత్రమే. ఇంకోసారి కళ్ళు మూసుకుని గొంతు మాత్రమే. రెండూ కలిపి చూస్తే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. కళ్ళు మూసుకుని వింటే తప్ప, భోజనాల దగ్గర ఎవరో ఆమెను పేరు పెట్టి "రా, ఇక్కడ ఖాళీ ఉంది" అని పిలవడం నాకు ఇన్ని రోజులుగా వినిపించనే లేదు.

మొత్తం పద్నాలుగు చోట్లు తేలాయి. ఆమె కనిపించేవి తొమ్మిది: బతుకమ్మ ఆటలో ఐదు, బతుకమ్మలను పట్టుకుని హాల్లోకి వచ్చేటప్పుడు ఒకటి, బహుమతి తీసుకుంటూ ఒకటి, భోజనాల వరసలో ఒకటి, చివరి గ్రూపు ఫోటో ఒకటి. పాప కనిపించేవి రెండు: పిల్లల డాన్స్, చాక్లెట్ల పంపకం. పేరు వినిపించేవి రెండు: భోజనాల దగ్గర పిలుపు, బహుమతి ప్రకటన. పేరు రాసి ఉన్నది ఒకటి: చివర ధన్యవాదాల జాబితా. నాకు రాత్రి గుర్తున్నవి నాలుగే అని చెప్పాను కదా!

ఇక తీసేయడం. దీనికి నేను పెట్టుకున్న వరస ఇది. ముందు కత్తిరించగలమా చూడాలి. కుదరకపోతే దాని మీద ఇంకో దృశ్యం కప్పాలి. అదీ కుదరకపోతే ఫ్రేమును దగ్గరకు జరిపి మనిషిని అంచు బయటికి నెట్టాలి. ఏదీ కుదరనప్పుడే మసక. నేను మొదటి రాత్రి చేసింది సరిగ్గా ఈ వరసను తలకిందులు చేయడం.

కత్తిరింపుతో సులువుగా పోయినవి కొన్ని. బతుకమ్మలు పట్టుకుని వచ్చే చోట ఆమె ఉన్న నాలుగు సెకన్లు తీసేస్తే ఎవరికీ తెలియదు. భోజనాల ముక్క, చాక్లెట్ల ముక్క అంతే. గ్రూపు ఫోటోకి ఆమె పరుగెత్తుకొచ్చి నిలబడకముందు తీసినది ఒకటి దొరికింది. అందులో ఇద్దరు కళ్ళు మూసుకున్నారు, అయినా అదే పెట్టాను. బహుమతి దగ్గర ఆమె మెట్లెక్కే ముక్కను ప్రకటనతో సహా తీసేసి, గెలిచిన బతుకమ్మనే పైనుంచి కిందికి దగ్గరగా చూపించాను. ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది? పసుపు పచ్చ చామంతులతో ఆమె పేర్చిన ఏడు వరసలు నిండుగా కనిపించాయి. ఆమె లేదు, ఆమె చేసిన పని ఉంది. అది ఉంచవచ్చా అని మళ్ళీ అడిగి, సరే అన్నాకే ఉంచాను.

బతుకమ్మ ఆట దగ్గర పని కొంచెం తమాషాగా ఉంటుంది. వలయంగా తిరుగుతారు కాబట్టి ప్రతి ఒక్కరూ కెమెరా ముందుకు మళ్ళీ మళ్ళీ వస్తారు. ఆ రోజు వలయం ఒక చుట్టు తిరగడానికి ముప్పావు నిమిషం పట్టింది. అంటే ఆమె ప్రతి ముప్పావు నిమిషానికి ఒకసారి వస్తుంది, ఏడెనిమిది సెకన్లు ఉండి దాటిపోతుంది. మధ్యలో ముప్పై ఐదు సెకన్లకు పైగా ఆమె లేని దృశ్యం ఉన్నట్టే. ఆ లెక్క పట్టుకున్నాక పని తేలికైంది. పాట గొంతును కదిలించకుండా అలాగే కింద పరిచి ఉంచాను. ఆమె వచ్చే ఏడెనిమిది సెకన్ల మీద మాత్రం రెండో కెమెరా బొమ్మ కప్పాను: చప్పట్లు కొట్టే చేతులు, మధ్యలో పెట్టిన గౌరమ్మ, గోడ పక్కన కుర్చీలో కూర్చుని పాడుతున్న అమ్మమ్మలు. "ఉయ్యాలో" ఎక్కడా తెగలేదు కాబట్టి చూసేవాళ్ళకు అతుకు తెలియదు.

ఇక్కడ రెండు చోట్ల దొరికిపోతాం. ఒకటి అడుగుల తాళం. ఇంకో చుట్టు నుంచి తెచ్చిన ముక్కలో వంగి చప్పట్లు కొట్టేది పాట చప్పుడుతో కలవాలి. ఒక చప్పట్టును గుర్తు పెట్టుకుని బొమ్మను దానికి జరుపుకోవాలి. రెండోది, ఫ్రేమ్ కుదరలేదని బొమ్మను అద్దంలోలా తిప్పేయడం. చాలా ఎడిటింగ్ యాప్‌లలో అదొక్క బటన్. తిప్పితే వలయం ఎదురు దిక్కుకు తిరగడం మొదలవుతుంది, అందరి పైటలూ ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మారిపోతాయి. మన ఆడవాళ్ళు అది రెండు సెకన్లలో పట్టేస్తారు. ఏదో చేశారని తెలిస్తే, ఎవరి కోసం చేశారని వెతుకుతారు.

అన్నిటికన్నా కష్టమైంది పిల్లల డాన్స్. ఎనిమిది మంది పిల్లలు, నాలుగు నిమిషాలు. తీసేస్తే మిగతా ఏడుగురి తల్లులకు ఏం చెప్పాలి? రెండు నెలలు ప్రాక్టీసు చేశారు. ఇండియాలో తాతయ్యలు, నానమ్మలు ఎదురుచూస్తున్నారు. పాప ఒక్కదాని ముఖం మసకేస్తే ఏడుగురి మధ్య ఏదో తప్పు చేసిన పిల్లలా ఉంటుంది. అది నాకు చేతకాలేదు.

నాకు కలిసివచ్చింది ఏమిటంటే, ఆ రోజు మేం 4కెలో తీశాం, వీడియో ఇచ్చేది మాత్రం 1080లో. 4కె బొమ్మ వెడల్పు 3840 చుక్కలు, 1080 బొమ్మది 1920. అంటే తీసినదాంట్లో సగం వెడల్పు కత్తిరించి వాడుకున్నా నాణ్యత తగ్గదు. పాప వరసకు ఎడమ చివర ఉంది. ఫ్రేమును కుడివైపుకు దగ్గరగా జరిపితే మిగతా ఏడుగురు నిండుగా వచ్చారు, పాప అంచు దాటి బయటికి పోయింది. ఒక్కోసారి చేయి చాచినప్పుడు గాజులు, వేళ్ళు లోపలికి వచ్చేవి. అక్కడ ఇంకొంచెం జరిపాను.

అలా మూడు నిమిషాల పైచిలుకు గడిచింది. మధ్యలో నలభై సెకన్లు పిల్లలు గుండ్రంగా తిరిగి పాప మధ్యలోకి వచ్చేస్తుంది. అక్కడ ఏ కత్తిరింపూ పనిచేయదు. కానీ పాటలో పల్లవి మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ అడుగులు అవే. అందుకని ఆ నలభై సెకన్లకు మిగతా రెండు పల్లవుల నుంచి ఒక్కొక్క పిల్లనూ విడివిడిగా దగ్గరగా తీసి, ఐదేసి ఆరేసి సెకన్ల చొప్పున పేర్చాను. తాళం అదే కాబట్టి పెదవులు, చేతులు పాటతో కలిసిపోయాయి. ఏడుగురు పిల్లలకూ ఒక్కో దగ్గరి ఫ్రేమ్ దక్కింది. ఒక తల్లి తర్వాత "ఈసారి మా బాబు బాగా కనిపించాడు" అని మెచ్చుకుంది కూడా! పాప ఉన్న అసలు డాన్స్ మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లో వేసి తల్లి చేతికే ఇచ్చాను. తీసేయమన్నది లోకం చూసే వీడియో నుంచి. పాప మొదటి డాన్స్ ఆ ఇంట్లో ఉండాల్సిందే.

గొంతు సంగతి. భోజనాల దగ్గర పిలుపు ముక్క ఎలాగూ కత్తిరించాను. కానీ ఆ తర్వాతి దృశ్యంలోకి ఆ పేరు తోక ఒకటి, రెండు అక్షరాలు, జారి వినిపించింది. అలాంటి చోట "బీప్" పెట్టకూడదు, గొంతు పూర్తిగా ఆపేయనూ కూడదు. రెండూ "ఇక్కడ ఏదో ఉంది" అని చెబుతాయి. అదే హాల్లో అదే సమయంలో రికార్డయిన మామూలు గోల, పళ్ళేల చప్పుడు రెండు సెకన్లు తెచ్చి దాని మీద పరిచి, రెండు కొసలూ మెల్లగా కలిపాను. ధన్యవాదాల జాబితాలో పేరు తీసేశాక మిగిలిన ఖాళీ వరసను కూడా మూసేయడం మరిచిపోకండి.

చివరికి మసక తప్పనిది ఒక్క చోటే మిగిలింది. పెద్దావిడ ఒకరు ముందు నిలబడి పాట ఎత్తుకుంటున్నారు. కెమెరా ఆవిడ మీదే ఉంది, కత్తిరించడానికి మనసొప్పదు. వెనక నుంచి ఆమె మూడు సెకన్లు దాటిపోతుంది. ఇక్కడ ఆమె ఒక్కదాన్నీ మసకేయలేదు. పాడుతున్న ఆవిడను వదిలేసి వెనక ఉన్న గుంపు మొత్తాన్నీ, ఆ మూడు సెకన్లే కాకుండా ఆ దృశ్యం పొడవునా, బాగా మసకేశాను. చూసేవాళ్ళకు కెమెరా పెద్దావిడ మీద ఫోకస్ పెట్టినట్టు అనిపిస్తుంది తప్ప, ఎవరినో దాచినట్టు అనిపించదు.

ఒక్క మనిషినే మసకేయక తప్పని చోట మూడు సంగతులు గుర్తుంచుకోండి. ముఖం కాదు, తల నుంచి నడుము దాకా చీరతో సహా మసకేయాలి. పల్చటి మసక పనికిరాదు, కళ్ళు, ముక్కు ఎక్కడున్నాయో కూడా తెలియనంత చిక్కగా ఉండాలి. ఇక ట్రాకింగ్‌ను నమ్మవద్దు. ఎవరైనా అడ్డంగా దాటినప్పుడు అది వాళ్ళ వెంట పోతుంది, లేదా ఒకటి రెండు ఫ్రేముల పాటు జారిపోతుంది. మామూలు వేగంలో మీ కంటికి కనిపించదు. కానీ వెతికేవాళ్ళు ఆపి చూస్తారు, వాళ్ళకు ఒక్క ఫ్రేమ్ చాలు. అందుకని ఆ ముక్క మొదటి నుంచి చివరి దాకా బాణం కీతో ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ చూడాల్సిందే. మూడు సెకన్లంటే మన దగ్గర డెబ్భై ఐదు ఫ్రేములు. పది నిమిషాల పని.

ఎక్స్‌పోర్ట్ చేశాక ఫోన్లో కాకుండా టీవీలో చూశాను. మంచిదైంది. ఆట జరుగుతున్నప్పుడు బయట చీకటి పడింది కదా, హాలు గాజు తలుపులు నిలువుటద్దాల్లా మారాయి. ఒక చోట వలయంలో ఆమె లేదు, తలుపులో ఉంది! చిన్న స్క్రీన్ మీద నేను దాన్ని నాలుగుసార్లు చూసి వదిలేశాను. ఆ ముక్కను దగ్గరకు జరిపి తలుపును బయటికి నెట్టాను.

ఇంకొక చిన్న జాగ్రత్త. ఫైలుకు ఆ మనిషి పేరుతో "ఫలానా లేకుండా ఫైనల్" అని పేరు పెట్టకండి. యూట్యూబ్‌కి ఎక్కించేటప్పుడు మనం మార్చకపోతే ఫైలు పేరే టైటిల్‌గా వచ్చి కూర్చుంటుంది. నేను `bathukamma_final_3.mp4` అని ఊరుకున్నాను.

ఇక బయటికి పోయిన ట్రైలర్. ఆమె అడిగిన మర్నాడు ఉదయమే గ్రూపులో దాన్ని "అందరికీ డిలీట్" చేశాను. వాట్సాప్‌లో అది దాదాపు రెండున్నర రోజుల లోపే కుదురుతుంది. నేను పెట్టి ఒకటిన్నర రోజు అయింది కాబట్టి బతికిపోయాను. కానీ ఎవరి ఫోన్ గ్యాలరీలో దిగిపోయిందో, ఎవరు ఎవరికి పంపారో అది తీసేయదు. గ్రూపులో "ట్రైలర్‌లో పాట గొడవ ఉంది, సరిచేసి మళ్ళీ పెడతాను, పాతది ఎవరికైనా పంపి ఉంటే తీసేయండి" అని రాశాను. ఆ అమ్మాయి సంగతి ఎత్తలేదు. ఆమెకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను: "మూడు సెకన్లు బయటికి పోయాయి. నూట ఇరవై మంది గ్రూపు. ఎనభై మంది దాకా చూసినట్టు చూపిస్తోంది. నేను వెనక్కి తీసుకోగలిగినంత తీసుకున్నాను, అంతా కాదు." కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత "చెప్పినందుకు థాంక్స్ అక్కా, దాన్ని బట్టి నేను జాగ్రత్త పడతాను" అంది. అంతా తీసేశానని ధైర్యం చెప్పి ఉంటే ఆ జాగ్రత్త కూడా ఉండేది కాదు.

వీడియో అప్పటికే యూట్యూబ్‌లో ఉండి ఉంటే పని ఇంకోలా ఉండేది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన లింకులో ఫైలు మార్చి కొత్తది పెట్టడం కుదరదు. పాతది తీసేసి కొత్తది ఎక్కించాలి, చూసిన లెక్క, కామెంట్లు పోతాయి. లేదా యూట్యూబ్ స్టూడియోలో ఉన్న ఎడిటర్‌లోనే ముక్క కత్తిరించడం, మసకేయడం చేసుకోవచ్చు. లింకు అదే ఉంటుంది. కానీ ఆ మార్పు పూర్తయ్యేదాకా లోకానికి పాత వీడియోనే కనిపిస్తూ ఉంటుంది. అందుకని ఏ దారి పట్టినా ముందు వీడియోను "ప్రైవేట్" చేయాలి, తర్వాతే పని మొదలుపెట్టాలి. "అన్‌లిస్టెడ్" సరిపోదు. లింకు ఉన్న ఎవరైనా చూడగలరు.

అన్నట్టు, మా ప్రెసిడెంటు గారు మొదట ఒప్పుకోలేదు. "హాలు గుమ్మంలో వీడియో తీస్తున్నామని బోర్డు పెట్టాం కదమ్మా. వచ్చారంటే ఒప్పుకున్నట్టే కదా. ఒక్కరి కోసం చేస్తే రేపు పదిమంది అడుగుతారు." ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పని చేసేది నేను, ఖర్చయ్యేది నా రాత్రులు. కానీ ఈ దేశపు జీడీపీఆర్ చట్టం ప్రకారం మనిషిని గుర్తుపట్టేలా ఉన్న వీడియో ఆ మనిషి వ్యక్తిగత సమాచారమే. ఇంట్లో పుట్టినరోజు వీడియో తీసి దాచుకుంటే ఆ చట్టం మన జోలికి రాదు. సంఘం తీసి లోకమంతటికీ పెడితే వస్తుంది. ఒప్పుకోలు మీద తీసినదైతే, ఒప్పుకోవడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. అడిగితే నెలలోపు జవాబివ్వాలి. అన్ని సందర్భాల్లోనూ తీసేసి తీరాలని కాదు, కానీ "బోర్డు పెట్టాం" అన్నది జవాబు కాదు.

మీరున్న చోట చట్టం వేరుగా ఉండవచ్చు. అమెరికాలో ఇలా దేశం మొత్తానికీ వర్తించే ఒక్క చట్టం లేదు. ఎమిరేట్స్‌లో అయితే అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు తీసి వాళ్ళ ఏకాంతానికి భంగం కలిగేలా పంచుకోవడం సైబర్ నేరాల చట్టం కింద నేరమే. ఏ దేశమైనా, వీడియోలో ఉన్న మనిషి నేరుగా యూట్యూబ్‌కే ప్రైవసీ ఫిర్యాదు పెట్టుకోవచ్చు. యూట్యూబ్ సాధారణంగా వీడియో పెట్టినవాళ్ళకు 48 గంటల గడువిస్తుంది, ఆ తర్వాత తనే చూసి నిర్ణయిస్తుంది. ప్రెసిడెంటు గారికి ఇవన్నీ చెప్పాను. ఆయన మెత్తబడింది మాత్రం వేరే మాటకి. "మీ అమ్మాయే అడిగితే బోర్డు చూపిస్తారా అన్నయ్యా?" అన్నాను.

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. లింకు పంపలేదు, ఫైలు పంపలేదు. టీ పెట్టింది, పాప పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటోంది, ఇద్దరం కూర్చుని పదిహేడు నిమిషాల వీడియో మొదటి నుంచి చివరి దాకా చూశాం. తనను తాను గుర్తుపట్టడంలో మనిషిని మించినవాళ్ళు ఉండరు. అంతా అయ్యాక "బాగుందక్కా" అని, ఒక్క క్షణం ఆగి, "ఆ బొమ్మ?" అంది. థంబ్‌నెయిల్! ముందే తయారుచేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఆ బొమ్మ పాత గ్రూపు ఫోటోదే. వీడియోలో మార్చాను, దాని ముందు అతికించే బొమ్మలో ఆమె రెండో వరసలో నవ్వుతూ ఉంది. అక్కడే కూర్చుని మార్చాను.

అసలు ఫుటేజీ గురించి కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. రెండు కెమెరాల కార్డులు, నా హార్డ్ డిస్క్, దాని క్లౌడ్ కాపీ, రెండో కెమెరా పట్టుకున్న అబ్బాయి లాప్‌టాప్. వీటిలో ఆమె ఉన్న క్లిప్పులు ఎక్కడున్నాయో రాసి చూపించాను, వారంలో తీసేశాను, తీసేశానని ఒక ముక్క మెసేజ్ పెట్టాను. వచ్చే ఏడాది ఎవరో "పదేళ్ళ జ్ఞాపకాలు" అని పాత ఫుటేజీ తవ్వితే, ఈ పనంతా వృథా కాకూడదు కదా.

గుమ్మం దాకా వచ్చి, నేను అడగకుండానే ఆమె ఒక్క మాట చెప్పింది. "మేం ఈ ఊళ్ళో ఉన్నామని ఒక మనిషికి తెలియకూడదక్కా. ఇండియాలో వాళ్ళ బంధువులు మన సంఘం వీడియోలు చూస్తారు." అంతకు మించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కారు ఎక్కాక నా మొదటి జవాబు గుర్తొచ్చింది: "చాలా బాగా వచ్చావు వీడియోలో!"

ఈ ఏడాది నుంచి మా దగ్గర ఒక చిన్న మార్పు. రిజిస్ట్రేషన్ బల్ల మీద పసుపుకుంకుమల పక్కన ఆకుపచ్చ రిబ్బన్లు పెడుతున్నాం. వీడియోలో వద్దనుకున్నవాళ్ళు చేతికి కట్టుకుంటారు, కారణం ఎవరూ అడగరు. బతుకమ్మ ఆడేటప్పుడు వాళ్ళది లోపలి వలయం, కెమెరాలు బయటి వలయం మీద మాత్రమే. ఆటంతా అయ్యాక కెమెరాలు పది నిమిషాలు పూర్తిగా ఆపేస్తాం, అప్పుడు అందరిదీ ఒకే వలయం. మొన్న దసరాకు రిబ్బన్ కట్టుకున్నవాళ్ళు తొమ్మిది మంది. నిరుడు ఆ తొమ్మిది మందీ వీడియోలో ఉన్నారు. అడిగింది ఒక్కరే.